యాప్‌కు తాళం వేశారు సరే, సిమ్ సంగతేంటి?



మేం ఈ బజారులో సెల్ రిపేరు చేసుకుని బతికేవాళ్లం. మా బల్ల మీదికి వచ్చే ఫోన్లను చూసి, చూసి, ఇక ఊరుకోలేక ఈ కాగితం అచ్చు వేయించి పంచుతున్నాం.

డిస్‌ప్లే పగిలిందని ఫోన్ ఇస్తారు. "పిన్ ఇది అన్నా, సాయంత్రం వచ్చి తీసుకుంటా" అని చీటీ మీద అంకెలు రాసిచ్చి వెళ్లిపోతారు. ఆ అంకెలు తెలిస్తే చాలు, మీ వాట్సాప్ తెరుచుకుంటుంది. మీ ఇంటి ఫోటోలు, మీ బ్యాంకు మెసేజీలు కళ్ల ముందుకొస్తాయి. మేం చూడం. కానీ ఎవరు చూస్తారో, ఎవరు చూడరో అన్న నమ్మకం మీద మీ డబ్బునూ, మీ పరువునూ వదిలేయకండి. ముఖ్యమైన యాప్‌లకు విడిగా తాళం వేయండి. ఆ తాళం ఎంతవరకు కాపాడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా తెలుసుకోండి. ఈ రెండోది తెలియకపోతే మొదటిది చేసీ దండగే.

యాప్ లాక్ దేనికి పనికొస్తుంది?

కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడిపే ఒక అక్క ఉందనుకుందాం. సాయంత్రం ఆరు దాటితే కౌంటర్ దగ్గర ఊపిరాడదు. డబ్బులు పడ్డాయో లేదో చూడమని ఫోన్‌ను పనిలో ఉన్న కుర్రాడి చేతికిస్తుంది. కాసేపటికి పాప వచ్చి బొమ్మలు చూస్తానని లాక్కుంటుంది. పక్క షాపాయన "ఒక్క కాల్ చేసుకుంటానమ్మా" అంటాడు. ఫోన్ లాక్ తీసే ఉంటుంది. ఇలా తెరిచి ఉన్న ఫోన్ ఇంకొకరి చేతిలో ఉండే ఆ రెండు మూడు నిమిషాల కోసమే యాప్ లాక్ పుట్టింది. వాట్సాప్ మీద వేలు పెడితే పిన్ అడుగుతుంది, బ్యాంకు యాప్ మీద పెట్టినా అడుగుతుంది. కుర్రాడైనా, పాపైనా, పక్క షాపాయనైనా అక్కడే ఆగిపోతారు.

డబ్బు యాప్‌లకు యూపీఐ పిన్ ఉంది కదా, ఇంకో తాళం ఎందుకని చాలామంది అడుగుతారు. యూపీఐ లైట్ పెట్టుకున్నవాళ్లకు చిన్న చెల్లింపులకు పిన్ అడగదు. ఒక్కో చెల్లింపు ₹1000 దాకా, లైట్ ఖాతాలో ₹5000 దాకా ఉండొచ్చని రిజర్వు బ్యాంకు 2024లో పరిమితి పెంచింది. అంటే యాప్ తెరుచుకుంటే చాలు, లైట్‌లో ఉన్న సొమ్ము పిన్ లేకుండానే పోతుంది. పిన్ తెలియనివాడు కూడా ఎవరి నుంచి ఎంత వచ్చిందో, ఎవరికి ఎంత పంపారో లెక్కంతా చదవగలడు. అందుకే డబ్బు యాప్‌కు ముందు ఒక తాళం ఉండి తీరాలి.

ఏ తాళం వేయాలి?

ప్లే స్టోర్‌లో యాప్ లాక్ అని కొడితే గంపెడు వస్తాయి. వాటి జోలికి పోకండి. ఎందుకో వివరంగా చెబుతాం.

ఆ లాక్ యాప్‌లు మీ వాట్సాప్‌లోకి వెళ్లి తాళం వేయవు, వేయలేవు. మీరు ఇప్పుడు ఏ యాప్ తెరిచారో కనిపెట్టి, దాని పైన తమ పిన్ తెరను పరుస్తాయి, అంతే. కింద వాట్సాప్ మామూలుగా తెరుచుకునే ఉంటుంది. అందుకే కొన్ని ఫోన్లలో చాట్ ఒక క్షణం తళుక్కున కనిపించి, ఆ తర్వాత పిన్ తెర వస్తుంది. ఫోన్ బ్యాటరీ పొదుపు చేసే క్రమంలో ఆ లాక్ యాప్‌ను ఆపేస్తే తాళం ఉండదు. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో పెడితే బయట నుంచి దింపుకున్న యాప్‌లేవీ నడవవు. అప్పుడు లాక్ యాప్‌ను తీసి పారేసి, ఫోన్‌ను మళ్లీ మామూలుగా ఆన్ చేస్తే తాళమే లేదు. పదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన పని ఇది.

ఇంకో ప్రమాదం దీనికన్నా పెద్దది. ఇలాంటి యాప్‌లు చాలావరకు Accessibility అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి ఇస్తే మీ తెర మీద కనిపించేదంతా అది చదవగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. ఎవరు తయారు చేశారో తెలియని యాప్‌కు, అదీ బ్యాంకు యాప్‌ను కాపాడమని ఇంత అధికారం ఇవ్వడం, దొంగకే కాపలా అప్పజెప్పడం. ఇలాంటి అనుమతి ఆన్‌లో ఉందని గుర్తించి తెరుచుకోనని మొరాయించే బ్యాంకు యాప్‌లు కూడా ఉన్నాయి.

మరి ఏం వాడాలి? ఫోన్‌తో పాటు వచ్చిన తాళమే వాడండి. రెడ్‌మీ, రియల్‌మీ, ఒప్పో, వివో, వన్‌ప్లస్ ఫోన్ల సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పైన వెతికే చోట App lock అని టైప్ చేస్తే దొరుకుతుంది. వివో వంటి కొన్నింట్లో పేరు కాస్త వేరుగా ఉంటుంది, పని ఒకటే. సామ్‌సంగ్‌లో Secure Folder ఉంది. బ్యాంకు యాప్‌ను అందులోనే పెట్టుకుని, బయట ఉన్నదాన్ని తీసేయాలి. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి యాప్ బొమ్మ మీద వేలు నొక్కిపట్టి Require Face ID ఎంచుకుంటే సరిపోతుంది.

వాట్సాప్‌కు సొంత తాళం కూడా ఉంది. Settings, Privacy, App lock వరుసగా తెరిచి ఆన్ చేయండి. ఎంతసేపటికి తాళం పడాలని అడిగితే Immediately ఎంచుకోండి. After 30 minutes అని వదిలేస్తే మీరు చాట్ మూసి ఫోన్ ఇంకొకరికి ఇచ్చిన అరగంట దాకా తలుపు బార్లా తెరిచే ఉంటుంది. తాళం పడినా వచ్చే కాల్‌ను ఎవరైనా ఎత్తగలరని గుర్తుంచుకోండి.

తాళం వేశాక పరీక్ష పెట్టండి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసి, తెర రాగానే బ్యాంకు యాప్ నొక్కండి. పిన్ అడగాలి. ఇటీవల వాడిన యాప్‌ల వరుసలోంచి కూడా తెరిచి చూడండి. అక్కడా అడగాలి. ఒక్కచోట అడగకపోయినా ఆ తాళం పనికిరాదు.

ఫోన్ పిన్, యాప్ పిన్ ఒకటే పెట్టకండి

కర్రీ పాయింట్ అక్క యాప్ లాక్ వేసింది. గుర్తుండదని ఫోన్‌కున్న పిన్నే దానికీ పెట్టింది. కౌంటర్‌లో కుర్రాడికి ఫోన్ పిన్ తెలుసు, రోజూ తనే తీస్తాడు. ఇక ఆ తాళం ఎవరి కోసం?

రెండు పిన్‌లూ వేరుగా ఉండాలి. వేలిముద్రల లెక్క కూడా చూసుకోండి. సెట్టింగ్స్‌లో వేలిముద్రల జాబితా తెరిస్తే ఎన్ని వేళ్లు ఎక్కించారో కనిపిస్తుంది. ఆటల కోసమని బాబు వేలు, ఎప్పుడో అవసరానికి బావమరిది వేలు ఎక్కించి ఉంటే, ఆ వేళ్లు యాప్ తాళాన్ని కూడా తీస్తాయి. మీవి తప్ప మిగతావి తీసేయండి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఫోన్ పిన్ తెలిసినవాడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తన వేలిముద్రను కొత్తగా ఎక్కించుకోగలడు. మొహం, వేలు గుర్తుపట్టకపోతే "ఫోన్ పిన్ కొట్టు" అని దారి చూపే యాప్‌లు ఎన్నో ఉన్నాయి. కాబట్టి యాప్ తాళం బలమంతా ఫోన్ పిన్‌ను ఎంత గుట్టుగా ఉంచారన్న దాని మీదే నిలబడుతుంది. కౌంటర్ దగ్గర డబ్బు పడిందో లేదో తెలియడానికి సౌండ్ బాక్స్ పెట్టుకోండి. పిన్ మాత్రం పనివాళ్లకు చెప్పొద్దు. ఇప్పటికే చెప్పి ఉంటే ఈరోజే మార్చండి, నాలుగంకెలు కాదు, ఆరంకెలు పెట్టండి.

తాళం ఇక్కడితో ఆగిపోతుంది

యాప్ లాక్ యాప్ గుమ్మాన్నే కాస్తుంది. యాప్‌లోంచి బయటికి వచ్చినవాటి మీద దానికి అధికారం లేదు.

మొదటిది నోటిఫికేషన్. వాట్సాప్‌కు తాళం వేసినా, వచ్చిన మెసేజ్ తెర పైన కనిపిస్తూనే ఉంటుంది. ఓటీపీ మెసేజ్ కూడా అంతే. ఫోన్ లాక్ అయి బల్ల మీద పడి ఉన్నా ఆ ఆరంకెలను పక్కనున్నవాళ్లు చదవొచ్చు. వాట్సాప్ App lock పేజీలోనే Show content in notifications అని ఉంటుంది, దాన్ని ఆపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ నోటిఫికేషన్ల దగ్గర, గోప్యమైన సమాచారం చూపించవద్దని ఎంచుకోండి. మెసేజీల యాప్‌కు కూడా తాళం వేయండి. బ్యాంకు యాప్‌కు తాళం వేసి, ఓటీపీలు వచ్చే మెసేజీల యాప్‌ను తెరిచి ఉంచితే సగం పనే చేసినట్టు.

రెండోది ఫోటోలు. వాట్సాప్‌లో వచ్చిన ఆధార్ కాపీ, పాస్‌బుక్ ఫోటో గ్యాలరీలోనూ చేరతాయి. వాట్సాప్‌కు తాళం ఉన్నా గ్యాలరీలో చూడొచ్చు. Settings, Chats లోకి వెళ్లి Media visibility ఆపితే ఇకపై వచ్చేవి గ్యాలరీలో కనిపించవు. ఇప్పటికే వచ్చినవాటిని మీరే వెతికి తీసేయాలి. ఆపినా ఫైల్స్ యాప్‌లో వెతికితే దొరుకుతాయి. కాబట్టి కార్డు ఫోటోలు, పిన్ రాసుకున్న స్క్రీన్‌షాట్‌లు ఫోన్‌లో అసలు ఉంచకండి.

మూడోది కంప్యూటర్. ఎప్పుడో జిరాక్స్ షాపులో కాగితాలు ప్రింట్ తీయించడానికి వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటారు. లాగౌట్ చేయకపోతే మీ చాట్‌లు ఆ కంప్యూటర్‌లో అలాగే కనిపిస్తాయి. ఫోన్‌లో వేసిన తాళం అక్కడికి చేరదు. వాట్సాప్ మెనూలో Linked devices తెరవండి. మీకు తెలియని పేరు, మీరు వాడని పరికరం ఉంటే దాని మీద నొక్కి Log out చేయండి.

అన్నిటికన్నా పెద్ద సందు: సిమ్

మళ్లీ ఆ అక్క దగ్గరికే వద్దాం. ఈసారి అంతా సరిగానే చేసింది. ఫోన్ సొంత తాళం వేసింది, పిన్‌లు వేరుగా పెట్టింది, నోటిఫికేషన్లు ఆపింది. ఒకరోజు సిటీ బస్సులో ఫోన్ పోయింది. ఫోన్ కవర్ వెనక ఏటీఎం కార్డు కూడా ఉంది.

దొంగకు ఫోన్ తెరుచుకోలేదు. యాప్ తాళం దాకా వాడు రానే లేదు. సిమ్ ట్రే లాగి, సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేశాడు. ఇక ఆమె నంబర్‌కు వచ్చే ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. వాట్సాప్ పెట్టుకుంటే ఆరంకెల కోడ్ ఆ సిమ్‌కే వస్తుంది. ఖాతా వాడి చేతికి పోతుంది. "అర్జెంటు, పదివేలు పంపు పిన్నీ" అని బంధువులకు మెసేజీలు మొదలవుతాయి. డబ్బు సంగతి ఇంకా ఘోరం. కార్డు మీది చివరి ఆరంకెలు, గడువు తేదీ, దానికి తోడు ఓటీపీ ఉంటే చాలా బ్యాంకుల ఖాతాలకు కొత్త యూపీఐ పిన్ పెట్టుకునే వీలుంది. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి. కార్డు, సిమ్ రెండూ ఒకే కవర్‌లో పెట్టి వాడికి అందించినట్టయింది.

ఆమె వేసిన ఏ యాప్ తాళమూ ఇక్కడ అక్కరకు రాలేదు, ఎందుకంటే దొంగ ఆమె యాప్‌లను తెరవనేలేదు. కాబట్టి ఈ మూడు పనులు చేయండి.

ఒకటి, ఏటీఎం కార్డును ఫోన్ కవర్‌లోంచి ఇప్పుడే తీయండి. ఈ కాగితం కింద పెట్టి తీయండి.

రెండు, సిమ్‌కు పిన్ పెట్టండి. సెట్టింగ్స్‌లో SIM lock అని వెతికితే దొరుకుతుంది. పిన్ పెట్టిన సిమ్‌ను ఇంకో ఫోన్‌లో వేస్తే ముందు ఆ పిన్ అడుగుతుంది. ఒక జాగ్రత్త: మొదటిసారి ఆన్ చేసేటప్పుడు కంపెనీ ముందే పెట్టిన పిన్ కొట్టాలి. అదేమిటో మీ నెట్‌వర్క్ కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకోండి. ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి పీయూకే కోడ్ అడుగుతుంది. ఫోన్ ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ మీక్కూడా ఆ పిన్ కొట్టే పని ఉంటుంది. ఆ మాత్రం శ్రమకు ఓర్చుకోండి.

మూడు, వాట్సాప్‌లో Settings, Account, Two-step verification తెరిచి ఆరంకెల పిన్ పెట్టండి. అప్పుడు సిమ్ దొరికి, కోడ్ వచ్చినా, ఈ రెండో పిన్ తెలియకుండా ఖాతా వెంటనే వాడి చేతికి పోదు. పిన్ మరిచిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఈమెయిల్ కూడా ఇవ్వండి.

మీ చేత్తో మీరే తెరిస్తే ఏ తాళమూ ఆపదు

వాట్సాప్‌లో చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో ఒక ఫైల్ వస్తుంది. పేరు చివర .apk అని ఉంటుంది. అది ఫోటో కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, మెసేజీలు చదివే అనుమతి ఇచ్చారంటే మీ ఓటీపీలు మీకన్నా ముందే అవతలివాడికి చేరతాయి. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకుని మీ స్క్రీన్ చూపించండి" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. మీరు యాప్ లాక్ పిన్ కొడతారు, బ్యాంకు యాప్ తెరుస్తారు, వాడు అక్కడ కూర్చుని అంతా చూస్తాడు. తాళం తన పని తాను చేసింది, యజమాని వచ్చాడని తెరిచింది. యజమాని వెనక ఎవరున్నారో దానికి తెలియదు.

అందుకే చుట్టాలు పంపినా సరే, .apk ఫైల్ నొక్కకండి. వాళ్ల ఖాతా అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. ఫోన్‌లో మాట్లాడుతూ బ్యాంకు యాప్ తెరవమనే ఎవరి మాటా వినకండి. సెట్టింగ్స్‌లో Accessibility తెరిచి, దింపుకున్న యాప్‌ల జాబితాలో మీరు ఎరగని పేరు ఆన్‌లో ఉంటే ఆపేసి, ఆ యాప్‌ను తీసేయండి.

ఫోన్ పోతే ఏం చేయాలి?

పక్కవాళ్ల ఫోన్ తీసుకుని ముందు మీ సిమ్ కంపెనీకి చేసి సిమ్ ఆపించండి, ఓటీపీలు అక్కడితో ఆగుతాయి. వెంటనే బ్యాంకుకు చేసి కార్డు, యూపీఐ ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 1930కి చేయండి, cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు రాయండి. సొమ్ము ఖాతాల్లోంచి ఖాతాల్లోకి మారిపోకముందే ఆపించడానికే ఆ నంబర్ పెట్టారు. పోలీసు ఫిర్యాదు అందాక ceir.gov.in లో ఫోన్ ఐఎంఈఐ నంబర్ ఇచ్చి ఆ ఫోన్‌ను బ్లాక్ చేయించండి. ఆ నంబర్ కోసం ఇవాళే `*#06#` కొట్టి, కనిపించింది ఇంట్లో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫోన్ పోయాక చూసుకోవడం కుదరదు.

బ్యాంకుకు ఎంత త్వరగా చెబితే అంత మేలు. మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా ఖాతాలోంచి డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడకూడదని 2017లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. మీరే పిన్, ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మీ నెత్తినే పడుతుంది. తెలిపాక పోయినదానికి బ్యాంకే బాధ్యత. ఫిర్యాదు నంబర్ రాయించుకోకుండా ఫోన్ పెట్టేయకండి.

మా మాట, మీ పని

మా బల్ల దగ్గర ఇక ఎవరినీ పిన్ అడగం. డిస్‌ప్లే మార్చడానికి, బ్యాటరీ మార్చడానికి, ఛార్జింగ్ పోర్టు వేయడానికి మీ పిన్ అక్కర్లేదు. టచ్ పనిచేస్తుందో లేదో మీరు వచ్చినప్పుడు మీ చేత్తోనే తెరిచి చూపించవచ్చు. సామ్‌సంగ్ ఫోన్లలో Maintenance mode, పిక్సెల్ ఫోన్లలో Repair mode ఉన్నాయి. అవి ఆన్ చేసి ఇస్తే మీ చాట్‌లు, ఫోటోలు, ఖాతాలు మాకు కనిపించకుండానే ఫోన్ పరీక్షించవచ్చు. ఏ దుకాణంలోనైనా పిన్ రాసివ్వమంటే ఎందుకని అడగండి. సరైన జవాబు రాకపోతే ఫోన్ తీసుకుని వచ్చేయండి. సిమ్ కూడా తీసి జేబులో వేసుకునే ఫోన్ ఇవ్వండి.

మీరు చేయాల్సింది ఇది. ఈ రాత్రి పడుకునేలోపు వాట్సాప్‌కు, మెసేజీలకు, డబ్బు యాప్‌లకు ఫోన్ సొంత తాళం వేయండి. దానికి ఫోన్ పిన్ కాకుండా వేరే పిన్ పెట్టండి. నోటిఫికేషన్లలో మెసేజ్ కనిపించకుండా ఆపండి. కవర్‌లోంచి కార్డు తీయండి. రేపు కస్టమర్ కేర్‌కు చేసి సిమ్ పిన్ పెట్టుకోండి. ఆదివారం అమ్మ ఫోన్, నాన్న ఫోన్, అత్తగారి ఫోన్ తీసుకుని ఇవే పనులు వాళ్ల ఎదురుగా, వాళ్ల చేతనే చేయించండి. పిన్‌లు వాళ్లే పెట్టుకోవాలి, మీరు చూడకూడదు.

చేతకాకపోతే ఫోన్ పట్టుకుని మా దగ్గరికి రండి. పైసా తీసుకోం, దగ్గరుండి చూపిస్తాం. చదివాక ఈ కాగితాన్ని పారేయకుండా పక్కింటికి ఇవ్వండి.

ఇట్లు,
మీ బజారు సెల్ రిపేరు పనివాళ్లు